ఛేదన రేఖ స్పర్శ రేఖగా మారడాన్ని గ్రాఫ్ పేపర్ మీద గీసి చూడటం ఎలా?

అవకలజం పాఠం మొదలుపెట్టే ప్రతి పుస్తకంలోనూ ఒక బొమ్మ ఉంటుంది. ఒక వక్రం, దాని మీద P అనే బిందువు, దాని వైపు జరుగుతున్న Q, వాటిని కలిపే నాలుగైదు గీతలు. పక్కనే "Q బిందువు P ని సమీపించే కొద్దీ ఛేదన రేఖ స్పర్శ రేఖను సమీపిస్తుంది" అని రాసి ఉంటుంది. చదివితే అర్థమైనట్టే ఉంటుంది. సొంతంగా గీద్దామని కూర్చుంటే మాత్రం గీతలన్నీ ఒకదాని మీద ఒకటి పడి నల్లటి మరక మిగులుతుంది. చివరి గీత ఎక్కడి నుంచి వచ్చిందో తేలదు.

ఇలా జరగడానికి మూడు కారణాలు ఉంటాయి: గీయడానికి అనుకూలం కాని వక్రాన్ని తీసుకోవడం, చూడాల్సిన చోట చూడకపోవడం, పెన్సిల్‌కి చేతకాని పనిని దానికి అప్పగించడం. ఈ మూడింటినీ సరిచేస్తూ ఒకే ఉదాహరణను మొదటి నుంచి చివరి దాకా గీద్దాం. గంట సమయం పెట్టుకోండి.

## 1. ముందుగా దగ్గర పెట్టుకోవాల్సినవి

- మిల్లీమీటరు గళ్ళున్న గ్రాఫ్ పేపర్ ఒకటి. సెంటీమీటరు గీతలు కాస్త ముదురుగా ఉండే మామూలు రకం చాలు.
- 30 సెం.మీ. స్కేలు. జామెట్రీ బాక్సులోని 15 సెం.మీ. స్కేలు సరిపోదు, ఎందుకంటే మనం గీసే పొడవైన గీత 20 సెం.మీ. దాటుతుంది.
- 0.5 లెడ్ పెన్ పెన్సిల్, లేదా బాగా చెక్కిన గట్టి పెన్సిల్.
- 45 డిగ్రీల సెట్‌స్క్వేర్, ప్రొట్రాక్టర్.
- రెండు రంగుల సన్నని పెన్నులు. ఒకటి కుడివైపు గీతలకు, ఇంకోటి ఎడమవైపు గీతలకు.
- లెక్కలకు ఒక రఫ్ కాగితం. క్యాలిక్యులేటర్ లేకపోయినా పని అవుతుంది.

## 2. వక్రాన్ని ఎంచుకోవడం

చాలామంది y = x² తీసుకుని P ని (1, 1) దగ్గర పెడతారు. లెక్కకు అది బాగుంటుంది కానీ గీయడానికి ఇబ్బంది. 1 సెం.మీ. ఒక యూనిట్ అనుకుంటే P మూలబిందువుకు మరీ దగ్గరగా పడుతుంది, వక్రం నిట్టనిలువుగా లేచిపోతుంది. గీతలు విడివిడిగా కనిపించడానికి చోటు ఉండదు.

మనం తీసుకునే వక్రం ఇది:

y = x²/8

P = (4, 2)

దీన్ని ఎంచుకోవడానికి కారణాలు ఉన్నాయి. 1 సెం.మీ.ను ఒక యూనిట్‌గా పెడితే బొమ్మ పేజీలో హాయిగా పడుతుంది. గీతలు Y అక్షాన్ని తాకే చోట్లు సెంటీమీటర్లు, అర సెంటీమీటర్ల దగ్గరే వస్తాయి, కాబట్టి గళ్ళు చూసి చదివేయవచ్చు. చివరగా వచ్చే స్పర్శ రేఖ సరిగ్గా 45 డిగ్రీల వాలులో ఉంటుంది, దాన్ని సెట్‌స్క్వేర్ పెట్టి పరీక్షించవచ్చు.

## 3. అక్షాలు వేయడం

కాగితాన్ని నిలువుగా పెట్టండి. కింద నుంచి 6 సెం.మీ. పైన X అక్షం, ఎడమ నుంచి 3 సెం.మీ. లోపల Y అక్షం గీయండి. పైకి 13 వరకు, కిందికి −5 వరకు, కుడికి 11 వరకు అంకెలు వేసుకోండి.

రెండు అక్షాల మీదా స్కేలు ఒకటే ఉండాలి. X మీద 1 సెం.మీ. ఒక యూనిట్ అయితే Y మీద కూడా అంతే. వక్రం పేజీలో పట్టదని Y అక్షాన్ని సగానికి కుదించారనుకోండి, వాలు లెక్క చెడదు గానీ కాగితం మీద కోణం మారిపోతుంది. 45 డిగ్రీలు రావాల్సిన గీత దాదాపు 27 డిగ్రీల దగ్గర పడుకుని ఉంటుంది. అప్పుడు సెట్‌స్క్వేర్‌తో చేసే పరీక్ష పనికిరాదు.

## 4. వక్రాన్ని గీయడం

ఈ పట్టికలోని బిందువులను గుర్తించండి.

| x | y |
|---|---|
| −2 | 0.5 |
| 0 | 0 |
| 1 | 0.125 |
| 2 | 0.5 |
| 3 | 1.125 |
| 4 | 2 |
| 5 | 3.125 |
| 6 | 4.5 |
| 7 | 6.125 |
| 8 | 8 |
| 9 | 10.125 |
| 10 | 12.5 |

0.125 అంటే మిల్లీమీటరు, ఇంకో పావు. మిల్లీమీటరు గీత దాటి కాస్త పైకి చుక్క పెడితే చాలు.

ఇప్పుడు బిందువులను చేత్తో, నునుపుగా కలపాలి. మణికట్టును వంపు లోపలి వైపు, అంటే వక్రానికి పై భాగంలో ఎడమవైపు ఉంచి గీస్తే చెయ్యి సహజంగా తిరుగుతుంది. ఎడమచేతి వాటం ఉన్నవాళ్ళు కాగితాన్ని తిప్పుకోండి. ముందు లేతగా గీసి, నచ్చాక దాని మీద ఒకే ఒక ముదురు గీత వేయండి.

స్కేలుతో మాత్రం కలపొద్దు. ఇది అందం గురించి చెప్పే మాట కాదు. 4 నుంచి 5 వరకు స్కేలుతో కలిపితే ఆ భాగం 1.125 వాలు ఉన్న సరళరేఖ అయిపోతుంది. ఆ మధ్యలో Q ని ఎక్కడ పెట్టినా అదే గీత వస్తుంది. ఎడమవైపు 3 నుంచి 4 వరకు కలిపితే 0.875 వాలు దగ్గర ఆగిపోతుంది. కుడి గీతలు, ఎడమ గీతలు ఎప్పటికీ కలవవు. అంటే మీరు గీసిన బొమ్మకు P దగ్గర స్పర్శ రేఖే ఉండదు.

## 5. కుడివైపు మొదటి నాలుగు ఛేదన రేఖలు

P ని కదపకండి. కదిలేది Q ఒక్కటే. P, Q ల x విలువల మధ్య ఎడాన్ని h అందాం.

Q ని ఈ వరసలో పెట్టండి:

1. Q₁ = (10, 12.5), ఎడం 6
2. Q₂ = (8, 8), ఎడం 4
3. Q₃ = (6, 4.5), ఎడం 2
4. Q₄ = (5, 3.125), ఎడం 1

ఒక్కో Q కి ఒక గీత. స్కేలును P, Q ల మీద ఆనించి, గీతను P దాటించి Y అక్షాన్ని దాటే వరకు లాగండి. P, Q ల మధ్య ముక్క మాత్రమే గీస్తే అది జ్యా అవుతుంది, ఛేదన రేఖ కాదు. మనకు కావాల్సిన సమాచారం అంతా గీత పొడిగించిన భాగంలోనే ఉంది.

దూరంగా ఉన్న Q తో మొదలుపెట్టి దగ్గరికి రండి. దగ్గర నుంచి దూరానికి వెళితే ఇరుకైన చోట గీతలు ముందే పేరుకుని, తర్వాత వాటి మధ్య స్కేలు ఆనించడం కష్టమవుతుంది. ప్రతి గీత చివర, Y అక్షం పక్కన, దాని ఎడం విలువ రాయండి. ఈ చిన్న పని చేయకపోతే పది నిమిషాల తర్వాత ఏ గీత దేనిదో మీకే తెలియదు.

## 6. ఎక్కడ చూడాలి?

అందరూ P దగ్గర చూస్తారు. అక్కడ ఏమీ కనిపించదు, ఎందుకంటే గీతలన్నీ P గుండానే పోతున్నాయి. గడియారం ముల్లు కదిలిందో లేదో తెలియాలంటే మొదలు చూడం, కొస చూస్తాం. ఈ గీతలకు కొస Y అక్షం మీద ఉంది.

మీ గీతలు Y అక్షాన్ని ఎక్కడ ఖండించాయో చదవండి. ఇలా రావాలి:

| ఎడం h | వాలు | Y అక్షం మీద |
|---|---|---|
| 6 | 1.75 | −5 |
| 4 | 1.5 | −4 |
| 2 | 1.25 | −3 |
| 1 | 1.125 | −2.5 |

వాలును పట్టికలోంచి తీసుకోకుండా మీరే లెక్క కట్టండి. Q₂ కి పైకి వెళ్ళింది 8 − 2 = 6, పక్కకు వెళ్ళింది 8 − 4 = 4, కాబట్టి వాలు 6/4 = 1.5. మిగతావీ అంతే.

ఇప్పుడు Y అక్షం మీది గుర్తులను పై నుంచి కిందికి కాకుండా, గీసిన వరసలో చదవండి: −5, −4, −3, −2.5. ఎడం 6 నుంచి 4 కి, అంటే 2 సెం.మీ. తగ్గితే గుర్తు 1 సెం.మీ. పైకి జరిగింది. ఎడం 2 నుంచి 1 కి, అంటే 1 సెం.మీ. తగ్గితే అర సెంటీమీటరు జరిగింది. ప్రతిసారీ ఎడం తగ్గినదాంట్లో సగం. ఎడంలో ఇంకా మిగిలింది 1 సెం.మీ. మాత్రమే, అది పూర్తిగా హరించుకుపోయినా గుర్తు ఇంకో అర సెంటీమీటరే జరగగలదు. అంటే −2 వైపు వెళుతోంది, దాన్ని దాటిపోవడం లేదు. స్పర్శ రేఖను గీయకముందే అది Y అక్షాన్ని ఎక్కడ తాకాలో మనకు తెలిసిపోయింది.

సగం జరగడం ఈ పరావలయానికీ, ఈ P కీ చెందిన సంగతి. పరావలయం కాని వక్రం తీసుకుంటే అడుగులు ఇంత సమంగా ఉండవు. అయినా గుర్తులు ఒక చోటుకి దగ్గరపడటం కనిపిస్తుంది.

## 7. ఒక సెంటీమీటరు దగ్గర ఆగిపోండి

దాదాపు అందరి బొమ్మా ఇక్కడే పాడవుతుంది. ఎడం 1 వరకు వచ్చాం కదా, ఇక 0.5, ఆ తర్వాత 0.1 అని Q ని P పక్కన పెట్టి స్కేలుతో కలిపేస్తారు. గీత అడ్డదిడ్డంగా వస్తుంది. "దగ్గరైతే స్పర్శ రేఖ కావాలి కదా, నాది దూరం పోతోందేంటి?" అని అడుగుతారు.

గణితంలో లోపం లేదు, చుక్కలోనే ఉంది. ఎంత జాగ్రత్తగా పెట్టినా చుక్క అర మిల్లీమీటరు పైకో కిందికో పడుతుంది. Q నిలువుగా అర మిల్లీమీటరు తప్పితే ఆ తప్పు Y అక్షం దగ్గర ఎంతవుతుందో చూడండి. P నుంచి Y అక్షం 4 సెం.మీ. దూరం. Q దూరం h. కాబట్టి తప్పు 4/h రెట్లవుతుంది.

| ఎడం h | గుర్తు −2 కి ఇంకా ఉండాల్సిన దూరం | చుక్క తప్పు వల్ల వచ్చే తేడా |
|---|---|---|
| 4 | 20 మి.మీ. | 0.5 మి.మీ. |
| 2 | 10 మి.మీ. | 1 మి.మీ. |
| 1 | 5 మి.మీ. | 2 మి.మీ. |
| 0.5 | 2.5 మి.మీ. | 4 మి.మీ. |
| 0.1 | 0.5 మి.మీ. | 20 మి.మీ. |

ఎడం సగమైన ప్రతిసారీ మనం చూడాల్సిన దూరం సగమవుతుంది, చెయ్యి చేసే తప్పు రెట్టింపవుతుంది. 1 సెం.మీ. వరకు చూడాల్సిందే పెద్దగా ఉంది. అర సెంటీమీటరు దగ్గర తప్పు దాన్ని మించిపోయింది. ఎడం 0.1 దగ్గర గీసిన గీత రెండు సెంటీమీటర్లు అటూ ఇటూ పోవచ్చు. దాన్ని చూసి ఏమీ చెప్పలేం.

కాబట్టి ఈ బొమ్మలో 1 సెం.మీ. కంటే దగ్గరున్న Q ని చుక్కలు కలిపి గీయకండి.

## 8. దగ్గరి గీతలను లెక్కతో గీయడం

మరి ఎడం 0.5 గీత ఎలా? బిందువులను లెక్కలో దగ్గరికి తేవాలి, కాగితం మీద స్కేలు ఆనించే చోట్లను మాత్రం దూరంగానే ఉంచాలి. వరస ఇది:

1. Q నిరూపకాలు కట్టండి. x = 4.5 అయితే y = 20.25/8 = 2.53125.
2. వాలు కట్టండి. (2.53125 − 2)/0.5 = 1.0625.
3. ఆ గీత Y అక్షాన్ని ఎక్కడ తాకుతుందో కట్టండి. P నుంచి 4 ఎడమకు వెళితే 4 × 1.0625 = 4.25 కిందికి దిగాలి. 2 − 4.25 = −2.25.
4. కుడివైపు దూరంగా ఇంకో చోటు కట్టండి. x = 10 దగ్గర, P నుంచి 6 కుడికి, 6 × 1.0625 = 6.375 పైకి. 2 + 6.375 = 8.375.
5. (0, −2.25), (10, 8.375) లను కలపండి. గీత P గుండా పోవాలి. పోకపోతే లెక్కలో ఎక్కడో పొరపాటు ఉంది.

ఎడం 0.1 కి కూడా ఇదే చేయండి. x = 4.1, y = 16.81/8 = 2.10125, వాలు 1.0125, Y అక్షం మీద −2.05. ఇది −2 కి అర మిల్లీమీటరు దూరం, పెన్సిల్ గీత మందం అంత. ఇక్కడితో కాగితం ఇవ్వగలిగింది అయిపోయింది. ఇంకా దగ్గరికి వెళ్ళినా గీత మీద గీత పడుతుందే తప్ప కొత్తగా కనిపించేది ఉండదు.

ప్రతిసారీ అంకెలతో కుస్తీ పడకుండా ఒక్కసారి h తోనే కట్టుకోవచ్చు:

((4 + h)²/8 − 2)/h = (8h + h²)/(8h) = 1 + h/8

Y అక్షం మీద: 2 − 4(1 + h/8) = −2 − h/2

అడుగు 6 లో కంటితో చూసిన "సగం" ఈ h/2 నే. మీ పట్టికలోని ప్రతి వరసనూ దీనితో ఒకసారి సరిచూసుకోండి.

## 9. ఎడమవైపు నుంచి రావడం

కుడివైపు గీతలతోనే ఆపేసే బొమ్మలు చాలా ఉన్నాయి. అది సగం పనే. Q ఎడమ నుంచి వచ్చినా గీతలు అదే చోటుకి రావాలి. వస్తేనే స్పర్శ రేఖ ఉన్నట్టు.

రంగు మార్చి ఈ మూడూ గీయండి, Q ఎడమవైపు ఉంది కాబట్టి h కి మైనస్ వస్తుంది:

| Q | ఎడం h | వాలు | Y అక్షం మీద |
|---|---|---|---|
| (0, 0) | −4 | 0.5 | 0 |
| (2, 0.5) | −2 | 0.75 | −1 |
| (3, 1.125) | −1 | 0.875 | −1.5 |

ప్లస్, మైనస్ తప్పు ఎక్కువగా జరిగేది ఇక్కడే. (2, 0.5) కి పైన 0.5 − 2 = −1.5, కింద 2 − 4 = −2. రెండూ రుణాత్మకం, కాబట్టి వాలు +0.75. పైన ఒక వరసలో, కింద ఇంకో వరసలో తీసివేస్తే −0.75 వస్తుంది. గీత ఎడమ నుంచి కుడికి ఎక్కుతూ ఉంటే వాలు రుణాత్మకం కాలేదు, బొమ్మను చూస్తేనే ఆ తప్పు పట్టేయొచ్చు.

ఇప్పుడు Y అక్షం చూడండి. లెక్కతో గీసిన దగ్గరి గీతలను పక్కన పెడితే, ఒక రంగు గుర్తులు కింద నుంచి పైకి వస్తున్నాయి: −5, −4, −3, −2.5. రెండో రంగువి పై నుంచి కిందికి దిగుతున్నాయి: 0, −1, −1.5. రెండు గుంపుల మధ్య మిగిలిన సందు 1 సెం.మీ., దాని నడుమ −2 ఉంది. నా దృష్టిలో మొత్తం బొమ్మలో చూడాల్సింది ఈ సందే.

## 10. స్పర్శ రేఖను గీయడం, "h ని సున్నా చేసేద్దామా?" అనే సందేహం

(0, −2) నుంచి P గుండా (10, 8) వరకు ముదురు గీత వేయండి. దాని సమీకరణం y = x − 2. ఇదే స్పర్శ రేఖ.

ఇక్కడ ఒక ప్రశ్న తప్పకుండా వస్తుంది. Q ని నేరుగా P మీదే పెట్టేస్తే సరిపోతుంది కదా, ఇంత తిప్పలెందుకు? అలా పెడితే చేతిలో ఒకే బిందువు మిగులుతుంది. ఒక బిందువు గుండా లెక్కలేనన్ని గీతలు పోతాయి, స్కేలు ఎటు తిప్పాలో చెప్పేది ఏదీ ఉండదు. లెక్కలో ఇదే 0/0 గా కనిపిస్తుంది. కాబట్టి స్పర్శ రేఖ అనేది ఆఖరి ఛేదన రేఖ కాదు. ఛేదన రేఖలన్నీ ఎటు పోతున్నాయో ఆ గీత అది.

మరి "వాలు 1 కి బదులు 1.01 అయినా దగ్గరే కదా" అంటే? గీసి చూస్తే తేడా కనిపించదు, నిజమే. కానీ 1 + h/8 లో h = 0.08 పెట్టండి, సరిగ్గా 1.01 వస్తుంది. Q అంతకంటే దగ్గరికి వస్తే ఛేదన రేఖ ఆ 1.01 గీతను దాటి ముందుకు పోతుంది. అంటే 1.01 దారిలో ఒక మజిలీ మాత్రమే. 1 కంటే పెద్ద ఏ వాలు చెప్పినా కుడివైపు గీతలు ఏదో ఒక ఎడం దగ్గర దాన్ని దాటేస్తాయి. 1 కంటే చిన్న ఏ వాలు చెప్పినా ఎడమవైపు గీతలు దాటేస్తాయి. రెండు వైపుల నుంచీ ఏ గీతా దాటనిది 1 ఒక్కటే.

## 11. గీసింది సరిగ్గా ఉందో లేదో పరీక్షించడం

- సెట్‌స్క్వేర్: 45 డిగ్రీల మూలను X అక్షం మీద (2, 0) దగ్గర ఆనించండి. ఏటవాలు అంచు స్పర్శ రేఖ మీద పడాలి.
- ప్రొట్రాక్టర్: కుడివైపు గీతలు X అక్షంతో చేసే కోణాలు h = 4 కి దాదాపు 56, h = 2 కి 51, h = 1 కి 48 డిగ్రీలు రావాలి. ఒక డిగ్రీ తేడా ఉంటే పట్టించుకోకండి.
- సమాంతర గీత: (2, 0.5), (6, 4.5) లను కలపండి. అడ్డంగా కొలిస్తే P కి రెండు వైపులా సమాన దూరంలో ఉన్న బిందువులివి. ఈ గీత స్పర్శ రేఖకు సమాంతరంగా, నిలువుగా కొలిస్తే 5 మి.మీ. పైన ఉండాలి. ఇది పరావలయాలకే సరిగ్గా పనిచేస్తుంది, మిగతా వక్రాలకు దాదాపుగా మాత్రమే.
- వక్రానికీ స్పర్శ రేఖకూ మధ్య ఖాళీ: నిలువుగా కొలవండి. x = 6 దగ్గర 5 మి.మీ., x = 8 దగ్గర 20 మి.మీ. ఉండాలి. సూత్రం (x − 4)²/8.

ఈ చివరి పరీక్ష ఇంకో సందేహాన్ని కూడా తీరుస్తుంది. "స్పర్శ రేఖ ఒక బిందువు దగ్గరే తాకాలి, నా బొమ్మలో సెంటీమీటరు పొడవునా అంటుకుని ఉందేంటి?" x = 4.5 దగ్గర ఆ ఖాళీ 0.03 సెం.మీ., అంటే మూడో వంతు మిల్లీమీటరు కూడా లేదు. పెన్సిల్ గీత అంతకంటే మందం. కాబట్టి 3.5 నుంచి 4.5 వరకు రెండూ కలిసిపోయి కనిపిస్తాయి. మీ బొమ్మలో అలా కలిసి ఉంటే సంతోషించండి, సరిగ్గా గీసినట్టే.

## 12. తరచూ వచ్చే ఇబ్బందులు, వాటికి మందు

గీతలు P గుండా పోవడం లేదు. స్కేలు అంచును చుక్క మీద పెడుతున్నారు. పెన్సిల్ మొన అంచుకు కాస్త అవతల పడుతుంది. మొనను చుక్క మీద నిలిపి, స్కేలును మొనకు ఆనించండి.

Y అక్షం మీద గుర్తులు క్రమంలో లేవు. ఏదో ఒక Q తప్పు చోట ఉంది. ఆ ఒక్క గీతకే అడుగు 8 లెక్క చేసి సరిచేయండి, బొమ్మంతా చెరపక్కర్లేదు.

అన్ని గీతలూ ఒకే వైపు కొంచెం జరిగి ఉన్నాయి. P నే తప్పుగా పెట్టారు. ఇది సరిచేయడం కష్టం, కొత్త కాగితం తీసుకోండి.

స్పర్శ రేఖ వక్రాన్ని కోసుకుంటూ పోతోంది. ఈ పరావలయం విషయంలో అది తప్పే, ఎందుకంటే (x − 4)²/8 ఎప్పుడూ రుణాత్మకం కాదు. కానీ "స్పర్శ రేఖ వక్రాన్ని ఎక్కడా కోయకూడదు" అని నియమంగా పెట్టుకోకండి, అది వృత్తం పాఠం నుంచి మిగిలిపోయిన అలవాటు. y = x³ కి (1, 1) దగ్గర స్పర్శ రేఖ y = 3x − 2. అది పోయి పోయి (−2, −8) దగ్గర వక్రాన్ని మళ్ళీ ఖండిస్తుంది. (0, 0) దగ్గరైతే X అక్షమే స్పర్శ రేఖ, వక్రం దాన్ని తాకిన చోటే దాటి అవతలికి పోతుంది.

## 13. ఇదే బొమ్మను జియోజీబ్రాలో కదిలించి చూడటం

కాగితం మీద గీశాకే ఇది చేయమంటాను. ముందే తెర మీద చూస్తే గీత గిర్రున తిరగడం తప్ప మనసుకి ఏదీ పట్టదు. జియోజీబ్రా అనే గణిత సాఫ్ట్‌వేర్ తెరిచి, ఈ వరసలో టైప్ చేయండి:

```
f(x) = x^2/8
P = (4, f(4))
h = Slider(-4, 6, 0.1)
Q = (4 + h, f(4 + h))
s = Line(P, Q)
R = Intersect(s, yAxis)
m = Slope(s)
```

h ని 6 నుంచి మెల్లగా సున్నా వైపు లాగుతూ R నే చూడండి. −5 దగ్గర మొదలై −2 వైపు ఎక్కుతుంది. h సరిగ్గా సున్నా అయిన క్షణంలో s మాయమవుతుంది, R కూడా దానితోపాటే పోతుంది. సాఫ్ట్‌వేర్ చెడిపోలేదు, అడుగు 10 లో చెప్పిందే అది: ఒకే బిందువుతో గీత రాదు. సున్నా దాటి ఎడమకు వెళ్ళగానే రెండూ మళ్ళీ వస్తాయి.

కాగితం మీద చేయలేని పని ఇక్కడ ఒకటి ఉంది. స్లైడర్ అడుగును 0.1 నుంచి 0.001 కి మార్చి, P దగ్గర బాగా జూమ్ చేయండి. వక్రం క్రమంగా వంపు పోయి సరళరేఖలా కనిపిస్తుంది. అక్షాల నిష్పత్తి 1:1 గానే ఉందో లేదో మాత్రం చూసుకోండి. అక్షాన్ని పట్టుకుని లాగితే అది మారిపోతుంది, 45 డిగ్రీలు కనిపించవు. స్పర్శ రేఖను అన్నిటికంటే చివర వేయండి:

```
t = Tangent(P, f)
```

## 14. ఈ పద్ధతి "లేదు" అని చెప్పే చోట్లు

వేరే వక్రం మీద ప్రయత్నించేటప్పుడు గుర్తులు ఎప్పుడూ ఒక చోటుకే చేరతాయని అనుకోకండి.

y = |x − 4| + 2 గీయండి. ఇది కూడా (4, 2) గుండానే పోతుంది, అక్కడ ఒక మూల ఉంటుంది. కుడివైపు Q ఎక్కడ పెట్టినా వాలు 1, Y అక్షం మీద గుర్తు −2. ఎడమవైపు ఎక్కడ పెట్టినా వాలు −1, గుర్తు 6. ఎడం ఎంత తగ్గించినా రెండు గుర్తులూ ఉన్నచోటనే ఉంటాయి, మధ్య సందు 8 సెం.మీ. అలాగే మిగులుతుంది. ఇలాంటప్పుడు మధ్యలో ఏదో ఒక గీత వేసి స్పర్శ రేఖ అనడం కుదరదు. ఇక్కడ స్పర్శ రేఖ లేదు.

y = ∛x వక్రాన్ని (0, 0) దగ్గర చూస్తే ఇంకో రకం. Q ని x = 1 దగ్గర పెడితే వాలు 1, x = 1/8 దగ్గర 4, x = 1/1000 దగ్గర 100. వాలు ఏ సంఖ్య దగ్గరా ఆగదు. కానీ గీతను చూడండి, రెండు వైపుల నుంచీ నిట్టనిలువుగా లేచి Y అక్షం మీదికే చేరుతోంది. నిలువు స్పర్శ రేఖ ఉంది, దాని వాలు చెప్పే సంఖ్య మాత్రం లేదు. ఇక్కడ P ఉన్నదే Y అక్షం మీద, కాబట్టి గుర్తులను Y అక్షం మీద చదవలేం. y = 1 అనే అడ్డగీత ఒకటి వేసుకుని, ఛేదన రేఖలు దాన్ని ఎక్కడ తాకుతున్నాయో చదవండి: x = 1, తర్వాత 0.25, తర్వాత 0.01.